నాలుగో మాత్రతో పాటు పొటాషియం పరీక్ష

పొద్దున టెల్మిసార్టాన్, దాంతోపాటే క్లోర్‌థాలిడోన్, రాత్రి పడుకునే ముందు ఆమ్లోడిపిన్. మూడూ నిండు మోతాదులోనే ఉన్నాయి, ఏ రోజూ మానలేదు. అయినా బీపీ చూస్తే 154, 156. మూడు రకాల మందులు, అందులో ఒకటి నీరు తీసే మాత్ర, సరిపడా మోతాదులో వాడుతున్నా పై అంకె 140 కిందకి రాకపోతే డాక్టర్లు దాన్ని రెసిస్టెంట్ హైపర్‌టెన్షన్ అంటారు. మొండి బీపీ అన్నమాట. ఇలాంటివాళ్ల చీటీలో నాలుగో మందుగా ఇప్పుడు తరచూ కనిపిస్తున్న పేరు స్పైరోనోలాక్టోన్. అరవై ఏళ్లకు పైబడిన పాత మందు, ధర తక్కువ. మన దగ్గర ఆల్డాక్టోన్ అనే పేరుతో చాలామందికి తెలుసు. కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవాళ్లకి, గుండె బలహీనపడినవాళ్లకి దీన్ని ఎప్పటినుంచో ఇస్తున్నారు. ఒక ఇంట్లో తాతగారు గుండెకి వాడిన మాత్రనే ఆ ఇంట్లో కొడుకు బీపీకి రాస్తే కంగారు పడనక్కర్లేదు.

కంగారు అక్కర్లేదు గాని, ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ మాత్ర వేసుకునేవాళ్లు రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ చూపించుకుంటూ ఉండాలి. ఎప్పుడెప్పుడు, ఎందుకు అన్నదే ఈ వ్యాసంలో అసలు విషయం.

అంతకంటే ముందు, ఆ బీపీ నిజంగా మొండిదేనా అన్నది తేల్చుకోవాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుట్టినా, మెట్లెక్కి వచ్చిన రెండో నిమిషంలోనే చూసినా, మాట్లాడుతూ ఉండగా చూసినా అంకె పెరుగుతుంది. డాక్టరు గారి గదిలో మాత్రమే పెరిగి ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లూ ఉంటారు. అందుకే ఇంట్లో ఓ వారం రోజులు, పొద్దున, సాయంత్రం, అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూసి రాసిన అంకెలకే విలువ ఎక్కువ. ఇక మాత్రలు మరిచిపోవడం, డబ్బులు చాలక రోజు విడిచి రోజు వేసుకోవడం, ‘బాగానే ఉంది కదా’ అని ఒకటి మానేయడం చాలా మామూలు. మోకాళ్ల నొప్పులకి వాడే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలు బీపీని పెంచడమే కాదు, బీపీ మందుల బలాన్నీ తగ్గిస్తాయి. ఆవకాయ, అప్పడం లేకుండా ముద్ద దిగని ఇంట్లో ఉప్పు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా దిగని బీపీకే నాలుగో మాత్ర.

ఆ నాలుగో స్థానం స్పైరోనోలాక్టోన్‌కే ఎందుకు దక్కింది? చాలాకాలం పాటు అది డాక్టరు ఇష్టాన్ని బట్టి ఉండేది. ఒకరు బీటా బ్లాకర్ రాసేవారు, ఇంకొకరు ఆల్ఫా బ్లాకర్. ఏది మేలో తేల్చే పరీక్ష 2015లో వచ్చింది. దాని పేరు పాత్‌వే-2. బ్రిటన్‌లో జరిగిన ఈ అధ్యయనం ఫలితాలు ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడ్డాయి. మొండి బీపీ ఉన్న 335 మందిని తీసుకున్నారు. పద్ధతి తేలిగ్గా అర్థమయ్యేదే. ఒక్కొక్కరికీ పాత మూడు మందులు కొనసాగిస్తూనే, పన్నెండేసి వారాల చొప్పున నాలుగు విడతలుగా స్పైరోనోలాక్టోన్, బీటా బ్లాకర్ అయిన బిసోప్రొలాల్, ఆల్ఫా బ్లాకర్ అయిన డాక్సజోసిన్, ఏ మందూ లేని ఉత్త మాత్ర ఇచ్చారు. ఏ విడతలో ఏది వేసుకుంటున్నదీ రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. వరస కూడా మనిషి మనిషికీ మారుతుంది. ఇలా చేస్తే ఒకే ఒంట్లో నాలుగింటినీ పోల్చవచ్చు. బీపీ కొలిచింది కూడా ఆస్పత్రిలో కాదు, ఇంట్లో.

ఉత్త మాత్రతో పోలిస్తే స్పైరోనోలాక్టోన్ ఇంటి బీపీని సగటున 8.7 పాయింట్లు ఎక్కువగా తగ్గించింది. మిగతా రెండు మందులకంటే కూడా నాలుగు పాయింట్లకు పైగా మెరుగు. అంతవరకు ఏ మందుకూ లొంగని వీళ్లలో సగం మందికి పైగా బీపీ అదుపులోకి వచ్చింది. నాలుగు పాయింట్లు మరీ తక్కువ కదా అనిపించవచ్చు. అది సగటు లెక్క. కొందరికి ఏమీ తగ్గదు, కొందరికి ఇరవై తగ్గుతుంది. ఆ ఇరవై తగ్గినవాళ్లు ఎవరన్నదీ ఈ అధ్యయనంలోనే కొంత తెలిసింది. రక్తంలో రెనిన్ తక్కువగా ఉన్నవాళ్లు, అంటే ఒంట్లో ఉప్పు, నీరు ఎక్కువగా నిలిచిపోయినవాళ్లు.

దీని వెనక ఉన్నది ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. మూత్రపిండంలో వడపోత అయిపోయి, మూత్రం ఇక బయటికి పోబోయే చివరి నాళాల గోడల్లో సోడియం వెనక్కి రావడానికి సన్నటి దారులుంటాయి. ఆల్డోస్టెరాన్ కాలువ మీద లస్కరు లాంటిది. తూము ఎత్తమంటే ఎత్తినట్టు, ఆ దారులు తెరుస్తుంది. సోడియం, దాని వెంట నీరు రక్తంలోకి తిరిగి వస్తాయి. సోడియం లోపలికి వచ్చిన కొద్దీ పొటాషియం మూత్రంలోకి పోతుంది. మొండి బీపీ ఉన్న చాలామందిలో ఈ హార్మోన్ అవసరానికి మించి పనిచేస్తుంటుంది. మిగతా మూడు మందులూ రక్తనాళాల్ని వదులు చేస్తాయి, నీరు తీస్తాయి గాని ఈ చివరి దారిని మూయలేవు. స్పైరోనోలాక్టోన్ సరిగ్గా అక్కడే అడ్డుకుంటుంది. సోడియం మూత్రంలో పోతుంది, పొటాషియం ఒంట్లో ఉండిపోతుంది. బీపీ తగ్గడం, పొటాషియం పెరగడం ఒకే పనికి రెండు ఫలితాలు. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు.

ఇక్కడ ఒక మాట. బీపీతో పాటు పొటాషియం తక్కువగా ఉన్నవాళ్లకి, ముఖ్యంగా నీరు తీసే మాత్రలు లేకుండానే తక్కువైతే, ఆల్డోస్టెరాన్, రెనిన్ పరీక్షలు ముందే చేయించడం మంచిది. అడ్రినల్‌లో చిన్న గడ్డ ఉండి హార్మోన్ అదే పనిగా కారుతుంటే, ఆపరేషన్‌తో ఆ బీపీ నయం కావచ్చు. స్పైరోనోలాక్టోన్ మొదలుపెట్టాక ఈ పరీక్ష ఫలితాలు తారుమారవుతాయి, మళ్లీ చేయాలంటే మాత్ర కొన్ని వారాలు ఆపాలి. అందుకే ముందే అడగాలి.

పొటాషియం సంగతికి వద్దాం. రక్తంలో అది మామూలుగా 3.5 నుంచి 5 వరకు ఉంటుంది. రిపోర్టులో లీటరుకు మిల్లీమోల్స్ అని ఉన్నా, మిల్లీ ఈక్వివలెంట్స్ అని ఉన్నా అంకె మారదు. 5.5 దాటితే జాగ్రత్త పడాలి, 6 దాటితే ప్రమాదం. గుండె కండరం ఒక్కో దెబ్బా కొట్టడానికి కావలసిన విద్యుత్తు, కణం లోపలా బయటా పొటాషియం తేడా మీద ఆధారపడి ఉంటుంది. బయట పొటాషియం పెరిగితే ఆ తేడా తగ్గి గుండె లయ తప్పుతుంది. దీంతో వచ్చిన చిక్కేమిటంటే ముందు ఏ బాధా తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కొందరికి కాళ్లు బరువెక్కినట్టు, లేవబోతే సత్తువ లేనట్టు ఉంటుంది. చాలామందికి అది కూడా ఉండదు. రక్త పరీక్షో, ఈసీజీనో చూపిస్తే తప్ప తెలియదు.

ఈ మందు విషయంలో ప్రపంచానికి పెద్ద పాఠం కెనడాలో దొరికింది. అది బీపీ రోగుల గురించి కాదు, గుండె వైఫల్యం ఉన్నవాళ్ల గురించి. అయినా మందు ఒకటే, మోతాదూ ఇంచుమించు ఒకటే. 1999లో రేల్స్ అనే అధ్యయనం వచ్చింది. గుండె బాగా బలహీనపడినవాళ్లకి రోజుకు సగటున 26 మిల్లీగ్రాముల స్పైరోనోలాక్టోన్ ఇస్తే మరణాలు 30 శాతం తగ్గాయని అది చెప్పింది. ఆ అధ్యయనంలో క్రియాటినిన్ 2.5 దాటినవాళ్లని, పొటాషియం 5 దాటినవాళ్లని తీసుకోలేదు. తీసుకున్నవాళ్లకి మొదటి మూడు నెలలూ నాలుగు వారాలకోసారి పొటాషియం చూశారు. తీవ్రంగా పెరిగింది నూటికి ఇద్దరికే.

ఆ వార్త రాగానే కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో డాక్టర్లు ఈ మందు విరివిగా రాయడం మొదలుపెట్టారు. గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరి ఇంటికి వెళ్లిన వృద్ధుల్లో, ఏసీఈ రకం బీపీ మందు వాడుతున్నవాళ్ల లెక్కలు తరవాత తీశారు. 1994లో వెయ్యి మందికి 34 చొప్పున ఉన్న స్పైరోనోలాక్టోన్ చీటీలు 2001 చివరికి 149 అయ్యాయి. పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవాళ్లు అదే కాలంలో వెయ్యికి 2.4 నుంచి 11కి పెరిగారు. దానివల్ల చనిపోయినవాళ్లు వెయ్యికి 0.3 నుంచి 2కి. ఈ లెక్కలు 2004లో అచ్చయ్యాయి. అధ్యయనంలో ప్రాణాలు నిలబెట్టిన మందే, బయట అంతకంటే పెద్ద వయసువాళ్లకి, మూత్రపిండాలు అప్పటికే నీరసించినవాళ్లకి చేరింది. పరీక్షల జాగ్రత్త మాత్రం దాని వెంట అంతగా వెళ్లలేదు.

దీనికి జతగా చెప్పుకోవలసింది స్కాట్లాండ్‌లోని టేసైడ్ ప్రాంతం. అక్కడ కూడా 1999 తరవాత ఈ మందు వాడకం బాగా పెరిగింది. కానీ పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవాళ్ల సంఖ్య పెరగలేదు. రక్త పరీక్షలు ముందుకంటే ఎక్కువ జాగ్రత్తగా చేయడమే కారణం కావచ్చని 2010లో దీన్ని ప్రచురించిన పరిశోధకులు అన్నారు. నా మటుకు నాకు ఈ రెండు ఊళ్ల కథ చదివాక, స్పైరోనోలాక్టోన్ మంచిదా చెడ్డదా అని వాదించడం దండగ అనిపిస్తుంది. పరీక్ష లేకుండా ఇది రాయకూడదు, పరీక్ష ఉంటే భయపడి మానకూడదు.

ఆ పరీక్ష ఎలా నడవాలో ఒక మనిషిని ఊహించుకుని చూద్దాం. రాజమండ్రిలో రిటైరైన బడి మాస్టారు, 61 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ ఉంది. టెల్మిసార్టాన్ 80, ఆమ్లోడిపిన్ 10, క్లోర్‌థాలిడోన్ 12.5 మిల్లీగ్రాములు మూడూ సక్రమంగా వాడుతున్నారు. ఇంట్లో వారం రోజులు చూసిన బీపీ సగటు 154/90. పొటాషియం 4.2, క్రియాటినిన్ 1.1. వయసుతో కలిపి లెక్కకడితే వడపోత నిమిషానికి 76 మిల్లీలీటర్లు, అంటే మూత్రపిండాలు బాగానే ఉన్నట్టు. ఇంగ్లండ్‌లో జాతీయ మార్గదర్శకాల ప్రకారం పొటాషియం 4.5 గాని, అంతకంటే తక్కువగాని ఉంటేనే నాలుగో మందుగా స్పైరోనోలాక్టోన్. అంతకు మించి ఉంటే ఆల్ఫా బ్లాకరో, బీటా బ్లాకరో. మాస్టారి 4.2 ఆ గీతకి ఇవతలే ఉంది. డాక్టరు గారు ఫిబ్రవరిలో 25 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు. చీటీ మీదే రెండు తేదీలు కూడా రాశారు: వారానికి ఒక పరీక్ష, నాలుగు వారాలకి ఇంకొకటి.

వారానికి పొటాషియం 4.6, క్రియాటినిన్ 1.2. బీపీలో పెద్ద తేడా లేదు. మాస్టారికి నిరుత్సాహం కలిగింది గాని ఈ మందు తీరే అంత. పూర్తి పని కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగో వారానికి పొటాషియం 4.8, ఇంటి బీపీ 136/82. ఇలా అర పాయింటు దాకా పెరిగి ఆగిపోవడం ఈ మందుతో మామూలే. క్రియాటినిన్ కొద్దిగా పెరగడమూ మామూలే. ఇదే వారంలో 5.6 వచ్చి ఉంటే డాక్టరు సగం మాత్ర చేసేవారు లేదా రోజు విడిచి రోజు వేయమనేవారు, వారంలో మళ్లీ చూసేవారు. 6 దాటి ఉంటే మాత్ర ఆపేసి ఈసీజీకి పంపేవారు. అలాంటిదేమీ జరగలేదు. మూడో నెలలో కూడా 4.7. ఇక ఆరు నెలలకోసారి చాలన్నారు.

మే నెలలో కథ తిరగబడింది. పెళ్లికి వెళ్లొచ్చాక విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు, ఎండలు 44 డిగ్రీలు. తిండి సహించలేదు, మూత్రం తక్కువగా వస్తోంది. ప్రయాణంలో నొప్పెట్టిన మోకాలికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు రోజుకు రెండు. నీరసానికి కొబ్బరి నీళ్లు. బీపీ మాత్రలు మాత్రం మానకూడదని గట్టిగా గుర్తుపెట్టుకున్న మనిషి కాబట్టి నాలుగూ క్రమం తప్పకుండా వేసుకున్నారు. నాలుగో రోజు బాత్‌రూమ్ నుంచి లేవలేకపోయారు. ఆస్పత్రిలో క్రియాటినిన్ 2.6, పొటాషియం 6.7. ఈసీజీలో టీ అలలు కొసదేరి నిక్కబొడుచుకున్నాయి.

ఏం జరిగిందంటే, విరేచనాలకి ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలకి రక్తం చాలలేదు. అలాంటప్పుడు లోపలికి వచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచి వడపోతని కాపాడే ఏర్పాటు మూత్రపిండానికి ఉంది. నొప్పి మాత్రలు దాన్ని దెబ్బతీశాయి. బయటికి పోయే నాళాన్ని బిగించి ఒత్తిడి నిలబెట్టే రెండో ఏర్పాటుకి టెల్మిసార్టాన్ అడ్డుపడింది. క్లోర్‌థాలిడోన్ ఉన్న నీటిని కూడా తోడేసింది. వడపోత కుప్పకూలింది. ఎప్పుడూ పొటాషియాన్ని బయటికి పంపే చివరి దారిని స్పైరోనోలాక్టోన్ ముందే మూసింది. ఇంట్లోవాళ్లు కొబ్బరి నీళ్లని తిట్టుకున్నారు. నిజానికి వాటి పాలు ఇందులో చిన్నది. మూత్రపిండాలు బాగున్నప్పుడు పొటాషియం ఎంత తిన్నా పోవలసింది పోతుంది. బయటికి దారి మూసుకుపోయినప్పుడే ప్రతి గ్లాసూ లెక్కలోకి వస్తుంది.

ఆస్పత్రిలో ముందు కాల్షియం గ్లూకోనేట్ నెమ్మదిగా నరానికి ఇచ్చారు. అది పొటాషియాన్ని తగ్గించదు. గుండె కాసేపు తట్టుకునేలా చేస్తుంది. తరవాత గ్లూకోజుతో ఇన్సులిన్, సాల్బుటమాల్ నెబ్యులైజర్. ఇవి పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి తోస్తాయి. పోయిన నీటికి సెలైన్. మాస్టారికి మూత్రం రావడం మొదలైంది కాబట్టి డయాలసిస్ దాకా పోలేదు. రెండు రోజులకి పొటాషియం 4.9, వారానికి క్రియాటినిన్ 1.3. ముందు ఆమ్లోడిపిన్, తరవాత మిగతావి ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టారు. స్పైరోనోలాక్టోన్ చివర్న, సగం మాత్ర మోతాదులో, మళ్లీ వారానికి పరీక్షతో.

ఫిబ్రవరిలో, మార్చిలో, మే మొదట్లో చేసిన మూడు పరీక్షలూ సరిగ్గానే ఉన్నాయి కదా. అవి చెప్పింది అబద్ధమేమీ కాదు. మందు మొదలుపెట్టిన కొత్తలో, మోతాదు పెంచినప్పుడు నెమ్మదిగా పెరిగే పొటాషియాన్ని క్యాలెండరు ప్రకారం చేసే పరీక్ష పట్టుకుంటుంది. ఇలా నాలుగు రోజుల్లో ఎగబాకేదాన్ని పట్టుకోలేదు. దానికి తేదీ కాదు, సంఘటన గుర్తు కావాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, గట్టి జ్వరంతో తిండి నీళ్లు లేకపోతే, స్పైరోనోలాక్టోన్, టెల్మిసార్టాన్ లాంటి మందులు, నీరు తీసే మాత్రలు ఆ రెండు మూడు రోజులూ ఆపాలా అని డాక్టరుకి ఫోన్ చేసి అడగాలి, తేరుకోకపోతే అప్పుడే పొటాషియం చూపించాలి. చాలా దేశాల్లో ఈ సూచనని రోగి చేతికి ముందే రాసి ఇస్తారు. మన డాక్టర్ల చీటీలో కూడా రెండు పరీక్షల తేదీల కింద ఒక్క వాక్యంగా ఇది ఉంటే బాగుండును. బీపీ మాత్ర మానకూడదని పదేళ్లు చెప్పిన మనిషికి, ఎప్పుడు ఆపాలో ఒక్కసారైనా చెప్పాలి కదా.

కొత్త మందు కలిసినప్పుడు కూడా అంతే. నొప్పి మాత్రల సంగతి చూశాం. అంతకంటే చాలామంది ఊహించనిది కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్. సెప్ట్రాన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మూత్రంలో మంటకి, ఇన్ఫెక్షన్‌కి వాడతారు. అందులోని ట్రైమెథోప్రిమ్ మూత్రపిండంలోని అవే సోడియం దారుల్ని మూస్తుంది, అంటే స్పైరోనోలాక్టోన్ చేసే పనికి ఇంకో చెయ్యి వేస్తుంది. ఒంటారియోలోనే వృద్ధుల మీద జరిగిన పరిశోధనలో, స్పైరోనోలాక్టోన్ వాడుతూ ఈ యాంటీబయాటిక్ తీసుకున్నవాళ్లు పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరే అవకాశం, అమాక్సిసిలిన్ తీసుకున్నవాళ్లతో పోలిస్తే పన్నెండు రెట్లని తేలింది. యాంటీబయాటిక్ రాసే డాక్టరు వేరు, బీపీ డాక్టరు వేరు అయినప్పుడే ఇది జరుగుతుంది. అందుకని ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, చివరికి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఈ మాత్ర పేరు ముందే చెప్పాలి.

తిండి విషయంలో మామూలుగా ఆకుకూరలు, పళ్లు మానేయమని ఎవరూ చెప్పరు. మూత్రపిండాలు బాగుండి, పొటాషియం 5 లోపే ఉన్నంతవరకు అరటిపండు తినొచ్చు. చూసుకోవలసింది మరొకటి. బీపీవాళ్లకి మంచిదని సూపర్ మార్కెట్లలో అమ్మే తక్కువ సోడియం ఉప్పులో, సోడియం బదులు కొంతభాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. మామూలు బీపీ రోగికి నిజంగా మంచిదే. స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లకి మాత్రం డాక్టరుకి చెప్పకుండా వద్దు, ఎందుకంటే అది పూటపూటా కూరలో పడుతుంది, ఎంత పడిందో ఎవరికీ తెలియదు. నీరు తీసే మాత్రల వల్ల ఇంతకుముందు పొటాషియం తగ్గి, దానికి సిరప్ వాడుతున్నవాళ్లయితే ఈ మాత్ర మొదలుపెట్టే రోజే ఆ సిరప్ సంగతి అడగాలి. పాత సీసా అయ్యేదాకా తాగేద్దాం అనుకోవడం ప్రమాదం.

రిపోర్టులో 6.2 అని కనిపించగానే గుండె జారిపోనక్కర్లేదు కూడా. రక్తం తీసేటప్పుడు పట్టీ చాలాసేపు బిగించి, పిడికిలి మూసి తెరవమని పదే పదే చెప్పినా, సూదిలో రక్తకణాలు చితికినా, కలెక్షన్ సెంటర్లో తీసిన ట్యూబు గంటల తరబడి వేరుచేయకుండా ఉండిపోయినా, కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి లేని అంకె చూపిస్తుంది. రిపోర్టు కింద ‘హీమోలైజ్డ్’ అని రాసి ఉంటే అది దీని గురించే. అలాంటప్పుడు మళ్లీ పరీక్ష చేయిస్తారు. కానీ మళ్లీ చేయించడం అంటే వచ్చేవారం కాదు, అదే రోజు, పక్కనే ఈసీజీతో. ఈలోపు ఆ పూట మాత్ర వేసుకోకూడదు.

మొదట్లో చూసే క్రియాటినిన్ ఉత్త లాంఛనం కాదని చెప్పడానికి మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే చాలు. అక్కడి కిడ్నీ జబ్బు కాళ్ల వాపు, ఎక్కువ బీపీ లాంటి గుర్తులు లేకుండానే చాలా దూరం పోతుందని పరిశోధకులు చెబుతున్నారు. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి క్రియాటినిన్ 2.5 ఉండవచ్చు. పాత్‌వే-2లో వడపోత 45 కంటే తక్కువ ఉన్నవాళ్లని అసలు చేర్చుకోలేదు, కాబట్టి ఆ అధ్యయనం ఇచ్చిన భరోసా వాళ్లకి వర్తించదు. 45 కంటే తక్కువ ఉన్నవాళ్లకి డాక్టరు తప్పనిసరై ఇచ్చినా 12.5 మిల్లీగ్రాములతో, పరీక్షలు ఇంకా దగ్గర దగ్గరగా చేయిస్తూ ఇస్తారు; ఇంకా తక్కువైతే వేరే దారి చూస్తారు. చాలాచోట్ల నెల మాత్రల ఖర్చు కంటే ఒక్క పరీక్ష ఖర్చే ఎక్కువ. ఆ ఖర్చు భరించలేని మనిషికి, ప్రయోగశాల అందుబాటులో లేని ఊళ్లో ఉన్న మనిషికి, నాలుగో మందు వేరేది ఎంచుకోవడమే తెలివైన పని. కాస్త తక్కువ పనిచేసినా ఆల్ఫా బ్లాకరుకి పొటాషియం బాధ లేదు.

పొటాషియం సంగతి అలా ఉంచితే, మగవాళ్లని ఈ మాత్ర మధ్యలో మాన్పించేది వేరొకటి. స్పైరోనోలాక్టోన్ ఆల్డోస్టెరాన్‌నే కాక మగ హార్మోన్ పనిని కూడా కొంత అడ్డుకుంటుంది. కొన్ని నెలలకి రొమ్ములో గట్టిగా తగలడం, నొప్పి, వాపు కనిపిస్తాయి. రేల్స్‌లో నూటికి పదిమంది మగవాళ్లకి ఇలా జరిగింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పక, మాత్ర తమంతట తామే మానేసి, బీపీ మళ్లీ పెరిగాక వస్తారు. చెబితే మార్గాలున్నాయి. ఎప్లెరెనోన్ అనే మందు అదే పని చేస్తుంది, రొమ్ము బాధ బాగా తక్కువ; బీపీ మీద బలం కొంచెం తక్కువ, ధర ఎక్కువ. ఆడవాళ్లలో నెలసరి క్రమం తప్పవచ్చు, గర్భంతో ఉన్నప్పుడు ఇది వాడకూడదు.

మరొక మార్గం అమిలోరైడ్. ఇది ఆల్డోస్టెరాన్ జోలికి వెళ్లకుండా, అది తెరిచే సోడియం దారినే నేరుగా మూస్తుంది. హార్మోన్లతో పని లేదు కాబట్టి రొమ్ము వాపు రాదు. పాత్‌వే-2 బృందమే తరవాత దీన్ని పరీక్షించి స్పైరోనోలాక్టోన్‌కి దగ్గరగా పనిచేస్తుందని చూపింది. 2025లో దక్షిణ కొరియా పరిశోధకులు రెండింటినీ ముఖాముఖి పోల్చి, మొండి బీపీలో అమిలోరైడ్ ఏమీ తీసిపోదని తేల్చారు. అయితే ఇది కూడా పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచే మందే. మాత్ర మారినా వారానికి, నాలుగు వారాలకి రాసిన పరీక్షల తేదీలు మారవు.